వైఫై కలిసినా ఫోన్‌లో నెట్ రాకపోతే వరుసగా చూసుకోవలసినవి

మన అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫోన్‌లో నెట్ ఆగినా మూడో అంతస్తులోని మా తలుపు తట్టడం అలవాటైపోయింది. టెలిఫోన్ శాఖలో లైన్లు చూసి రిటైరైన వాణ్ణి కనుక నాకు అందులో విసుగేమీ లేదు. అయితే వచ్చే నెలంతా నేను గుంటూరులో ఉండను కాబట్టి, చూసుకోవలసిన వరుసను ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది ఒకే ఒక్క ఇబ్బందికి సంబంధించినది: ఫోన్ వైఫైకి కలుస్తుంది, పాస్‌వర్డ్ తప్పని అనదు, కానీ వైఫై పేరు కింద Connected without internet అనో No internet అనో కనిపిస్తుంది, ఏ పేజీ తెరుచుకోదు.

ముందుగా ఒక సంగతి తెలుసుకుంటే మిగతా పని సులువవుతుంది. ఫోన్ పైభాగంలో కనిపించే వైఫై గుర్తు మీ ఫోన్‌కూ మీ హాల్లోని రూటర్‌కూ మధ్య ఉన్న పదిహేను ఇరవై అడుగుల సంగతే చెబుతుంది. రూటర్ నుంచి గోడ వెంబడి వెళ్లే సన్నని ఫైబర్ తీగ, మెట్ల దగ్గరి పెట్టె, వీధి స్తంభం, ఆపరేటర్ ఆఫీసు, ఆ తర్వాతి దారి ఎలా ఉన్నాయో ఆ గుర్తుకు తెలియదు. అందుకే ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైకి కలిసిన వెంటనే గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న అభ్యర్థన పంపి, 204 అనే సంఖ్యతో ఖాళీ జవాబు వస్తుందేమోనని చూస్తుంది. ఆ జవాబు రానప్పుడే నెట్ లేదని రాస్తుంది. తెగినది ఇంట్లోనా, ఫోన్‌లోనా, వీధిలోనా అన్నది అది చెప్పదు. దాన్ని మనమే తేల్చుకోవాలి.

1. మొబైల్ డేటా ఆపి, మరో ఫోన్‌తో పోల్చి చూడండి

వైఫైలో నెట్ లేదని తెలిసిన మరుక్షణం చాలా ఫోన్లు చెప్పకుండానే సిమ్ డేటాకు మారిపోతాయి. అందువల్ల పరీక్ష చేసే ప్రతి ఫోన్‌లోనూ ముందుగా మొబైల్ డేటాను ఆపివేయాలి. లేకపోతే నెట్ వచ్చిందని సంబరపడి, సాయంత్రానికి రోజు కోటా అయిపోయిందని తెలుసుకుంటారు. డేటా ఆపిన తర్వాత, అదే వైఫైకి కలిసిన మరో ఫోన్‌లోనో టీవీలోనో ఏదైనా కొత్త వీడియో తెరిచి చూడండి. ఇంతకుముందు చూసిన పేజీ ఫోన్‌లో దాచి ఉండి తెరుచుకోవచ్చు కనుక, కొత్తది చూడటం మంచిది.

ఇంట్లో దేనికీ నెట్ రాకపోతే రెండో మెట్టుకు వెళ్లండి. మిగతా వాటన్నింటికీ వచ్చి ఒక్క ఫోన్‌కే రాకపోతే, రూటర్ జోలికి వెళ్లకుండా నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి.

2. రూటర్ దీపాలు చూడండి

ఫైబర్ కనెక్షన్ పెట్టె మీద సాధారణంగా PON, LOS అని రెండు దీపాలు ఉంటాయి. PON పచ్చగా నిలకడగా వెలుగుతూ, LOS ఆరిపోయి ఉంటే వెలుతురు మీ ఇంటిదాకా వస్తున్నట్టే. LOS ఎర్రగా వెలుగుతున్నా, కొట్టుకుంటున్నా ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. అప్పుడు ఫోన్‌లో ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు.

ఎర్ర దీపం కనిపిస్తే, ఆపరేటర్‌కు ఫోన్ చేసేముందు తీగ సోఫా కాలి కిందో, తలుపు సందులోనో నలిగిందేమో చూడండి. రాగి తీగలాగా ఫైబర్‌ను మడత పెట్టకూడదు. లోపల ఉన్నది గాజు కనుక, గట్టిగా వంగిన చోట వెలుతురు బయటికి జారిపోతుంది. పండక్కి ఇల్లు దులిపిన మర్నాడు నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇవే. తీగ చివరను ఊడదీసి కంటికి దగ్గరగా పెట్టుకుని లోపలికి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ లేజర్ కంటికి కనిపించదు గాని హాని చేయగలదు.

దీపాలు సరిగ్గా ఉండి కూడా ఇంట్లో ఎవరికీ నెట్ రాకపోతే, రూటర్ స్విచ్ ఆపి, ముప్ఫై లెక్కపెట్టి, మళ్లీ వేయండి. ఫైబర్ పెట్టె, వైఫై రూటర్ విడివిడిగా ఉన్న ఇళ్లలో ముందు ఫైబర్ పెట్టెను వేసి, దాని PON దీపం నిలకడ పడ్డాక రెండోదాన్ని వేయాలి. రెండు మూడు నిమిషాలు ఆగకుండా పని చేయలేదని తేల్చేయకండి.

అప్పటికీ రాకపోతే నెల ప్యాక్ గడువు ముగిసిందేమో ఆపరేటర్ యాప్‌లో చూడండి. ఆ యాప్ చూడటానికి మొబైల్ డేటా మళ్లీ వేసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. గడువు ముగిసిన రోజున వైఫై యథావిధిగా కలుస్తుంది, నెట్ మాత్రం ఉండదు.

ఒక్క హెచ్చరిక. రూటర్ వెనక సూదితో నొక్కే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, దాని పక్కన RESET అని రాసి ఉంటుంది. దాన్ని నొక్కితే రూటర్ తిరిగి మొదలవడమే కాదు, ఆపరేటర్ మనిషి వచ్చి అందులో పెట్టి వెళ్లిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయే అవకాశం ఉంది. పది నిమిషాల్లో తీరే ఇబ్బంది అలా రెండు రోజుల నిరీక్షణగా మారడం నేను చూశాను.

3. పడగ్గదిలో ఎక్స్‌టెండర్ ఉంటే

సిగ్నల్ అందని గదికి ఎక్స్‌టెండర్ పెట్టుకున్నవారు ఇది కూడా చూడాలి. ఎక్స్‌టెండర్‌కు అసలు రూటర్‌తో సంబంధం తెగినా, అది తన వైఫైని ప్రసారం చేస్తూనే ఉండవచ్చు. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నెట్ ఉండదు. ఫోన్ పట్టుకుని హాల్లోకి వచ్చి, అసలు రూటర్‌కే కలిపి చూడండి. అక్కడ వస్తే ఎక్స్‌టెండర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేయండి, లేదా రూటర్‌కు కొంచెం దగ్గరగా జరపండి.

4. ఒక్క ఫోన్‌కే రాకపోతే

ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను పది సెకన్లు వేసి తీయండి. ఫలితం లేకపోతే వైఫై పేరు మీద నొక్కి, Forget ఎంచుకుని, పాస్‌వర్డ్ ఇచ్చి మళ్లీ కలపండి. ఆ తర్వాత ఫోన్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేయండి. ఈ మూడింటికే సగం ఫోన్లు దారికొస్తాయి కనుక వీటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

తర్వాత తేదీ, సమయం చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి కొన్నాళ్లు మూలన పడి ఉన్న ఫోన్ పాత సంవత్సరాన్ని చూపించవచ్చు. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం, దానికి ప్రారంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి; ఫోన్ లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదనుకుంటే పేజీ తెరవడానికి ఒప్పుకోదు. సెట్టింగ్స్‌లో సమయాన్ని ఆటోమేటిక్‌గా తీసుకునే మీటను వేయండి. అప్పటికీ మారకపోతే దాన్ని తీసి, గోడ గడియారం చూసి మీరే సరిచేయండి.

వీపీఎన్ యాప్‌గాని, ప్రకటనలను అడ్డుకునే యాప్‌గాని ఉంటే దాన్ని ఆపండి.

5. Private DNS

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎవరూ అనుమానించని చోటు ఇదే. మనం వెబ్‌సైటు పేరు కొడితే, ఆ పేరుకు సరిపడే అంకెల చిరునామాను ఫోన్ ముందు ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఆ సర్వర్ పలకకపోతే, దారి తెరిచే ఉన్నా ఎటు వెళ్లాలో ఫోన్‌కు తెలియదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సర్వర్‌ను Private DNS అన్న పేరుతో ఫోన్ మొత్తానికీ మనమే ఎంచుకునే వీలు వచ్చింది.

పరీక్ష ఇలా చేయండి. బ్రౌజర్‌లో పేరుకు బదులు ఈ అంకెల చిరునామానే కొట్టండి:

```
https://1.1.1.1/cdn-cgi/trace
```

ఈ పేజీ తెరుచుకుని, పేరుతో కొట్టినవేవీ తెరుచుకోకపోతే నెట్ వస్తూనే ఉంది, చిక్కు డీఎన్‌ఎస్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో Network & internet లోపల, కొన్ని ఫోన్లలో Connections లోపల, Private DNS అని ఉంటుంది; కనిపించకపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకుడు పెట్టెలో ఆ మాట కొట్టండి. అక్కడ ఏదైనా సర్వర్ పేరు రాసి ఉంటే దాన్ని వదిలి Automatic ఎంచుకోండి, అప్పటికీ రాకపోతే Off చేసి చూడండి.

మొన్న రెండో అంతస్తులోని ఒక పెద్దాయన ఫోన్‌లో జరిగింది ఇదే. ప్రకటనలు రాకుండా ఉండాలని మనవడు అక్కడ ఒక సర్వర్ పేరు రాసి, ఒక అక్షరం తప్పు కొట్టి, సెలవులు అయిపోయాక హాస్టల్‌కు వెళ్లిపోయాడు. పేరే తప్పయితే వైఫైలోనూ సిమ్ డేటాలోనూ ఏదీ పని చేయదు. సిమ్ డేటాలో బాగా వస్తూ ఒక్క వైఫైలోనే ఆగిపోతే, ఆ సర్వర్‌కు వెళ్లే దారిని ఆ వైఫై అడ్డుకుంటున్నదని అనుమానించవచ్చు.

6. ఫోన్‌కు దొరికిన చిరునామా

రూటర్ తనకు కలిసిన ప్రతి ఫోన్‌కూ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. మన ఇళ్లలో అది ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది. వైఫై పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కి, IP settings అన్నచోట, రూటర్ ఇచ్చిన చిరునామానే తీసుకునే DHCP ఉన్నదో, చేత్తో రాసి పెట్టే Static ఉన్నదో చూడండి. ఎప్పుడో ఆఫీసులో ఎవరో Static పెట్టి ఉంటే, 192.168.0.1 వైపు చూస్తున్న ఫోన్ 192.168.1.1 రూటర్ దగ్గర దారి తప్పుతుంది. DHCP కి మార్చండి. ఐఫోన్‌లో చిరునామా 169.254 తో మొదలైతే రూటర్ నుంచి ఏమీ అందలేదని అర్థం. Renew Lease నొక్కండి.

పిల్లల ఫోన్లకు రాత్రి పదింటికి నెట్ ఆగేలా రూటర్‌లో ఏర్పాటు చేసుకున్నవారు ఆ జాబితాను కూడా ఒకసారి చూసుకోండి. అందులో పొరపాటున తమ ఫోన్‌నే చేర్చుకున్న తండ్రి ఒకరు ఈ భవనంలోనే ఉన్నారు.

7. బయటి వైఫై అయితే

రైల్వే స్టేషన్లలో, లాడ్జీల్లో వైఫై కలిసినా, మొబైల్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా నెట్ వదలరు. ఆ పేజీ దానంతట అది రాకపోతే బ్రౌజర్‌లో http://neverssl.com అని కొట్టండి. అప్పుడు లాగిన్ పేజీ ఎదుటికి వస్తుంది.

8. చివరి ఉపాయం

పైవేవీ పని చేయకపోతేనే ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగులను తుడిచి వేయాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో reset అని కొట్టి, వైఫై, బ్లూటూత్‌లకు సంబంధించిన రీసెట్‌ను మాత్రమే ఎంచుకోండి. ఐఫోన్‌లో General, ఆపై Transfer or Reset iPhone, ఆపై Reset, అందులో Reset Network Settings. ఫొటోలు, మెసేజ్‌లు పోవు. దాచిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, కాబట్టి ఇంటి పాస్‌వర్డ్ ముందే కాగితం మీద రాసుకోండి. పక్కనే Erase all data అని ఉంటుంది. దాని మీద వేలు పడనివ్వకండి.

ఆపరేటర్‌కు ఫోన్ చేయవలసి వస్తే, నెట్ రావడం లేదని మాత్రమే చెప్పి ఊరుకోకండి. LOS దీపం ఏ రంగులో ఉంది, ఇంట్లో ఎన్ని ఫోన్లకు ఆగింది, ఎన్ని గంటలకు ఆగింది, రూటర్ ఆపి మళ్లీ వేశారా లేదా అన్న నాలుగు ముక్కలు చెప్పి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఎర్ర దీపమని వింటే ఫైబర్ అతికే మిషన్‌తో మనిషిని పంపుతారు. అది చెప్పకపోతే వట్టి చేతులతో వచ్చినవాడు దీపం చూసి మళ్లీ రేపు వస్తానంటాడు.