నెలసరి గురించి మాట్లాడుకుందాం: 8, 9 తరగతుల అమ్మాయిలతో 40 నిమిషాలు

మొదలుపెట్టే ముందు
గుండ్రంగా కూర్చోబెట్టాలి, తలుపు దగ్గరగా వేయాలి. అందరికీ చిట్టీలు ఇవ్వాలి. ప్రశ్న ఉంటే పేరు లేకుండా రాస్తారు, లేకపోతే ఖాళీ చిట్టీనే మడిచి డబ్బాలో వేస్తారు. అందరూ వేస్తే ఎవరు అడిగారో తెలియదు.

ఏం జరుగుతుంది? (8 నిమిషాలు)
"గర్భాశయం లోపల ప్రతి నెలా ఒక మెత్తటి పొర తయారవుతుంది. అవసరం లేనప్పుడు అది రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అది చెడు రక్తం కాదు, జబ్బూ కాదు."
మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి, టెన్షన్ పడక్కర్లేదు. క్యాలెండర్‌లో చిన్న చుక్క పెట్టుకుంటే చాలు.

ప్యాడ్ చూపించాలి (15 నిమిషాలు, తొందరపడొద్దు)
ప్యాడ్ విప్పి, అంటించి చూపించాలి. రంగు నీళ్లు మూడు పెద్ద చెంచాలు పోయాలి. "చాలామందికి ఒక నెలసరి మొత్తానికి పోయే రక్తం ఇంతే." ఇక్కడ నవ్వుతారు. నవ్వనివ్వండి, బిగుసుకున్న గది కాస్త వదులవుతుంది.

తడవకపోయినా 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలి. మార్చే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. జననాంగం దగ్గర కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి, మామూలు నీళ్లతో, బయట మాత్రమే. లోపల సబ్బు, సెంటు వాడొద్దు.

గుడ్డ వాడేవాళ్లను తక్కువ చేసి మాట్లాడొద్దు. శుభ్రమైన నూలు గుడ్డ మంచిదే. ముందు చల్లటి నీళ్లతో జాడించాలి (వేడి నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది), తర్వాత సబ్బుతో ఉతకాలి. సిగ్గుపడి మంచం కింద ఆరేస్తే తడి పోదు. ఎండలో పూర్తిగా ఆరాలి.

వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. టాయిలెట్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది.

నొప్పి, డాక్టరు (6 నిమిషాలు)
పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి, కాసేపు నడక హాయిగా ఉంటాయి. మాత్ర వేసుకోవాలంటే పెద్దవాళ్లను అడగాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, 7 రోజులు దాటినా, నొప్పితో బడి మానాల్సి వస్తున్నా, దురద, దుర్వాసన ఉన్నా, 15 ఏళ్లు వచ్చినా మొదలవకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి.

మరక పడితే (3 నిమిషాలు)
"స్నేహితురాలి గౌను మీద మరక కనిపిస్తే ఏం చేస్తారు?" వాళ్లే చెప్పాలి. మెల్లగా చెవిలో చెప్పడం, నడుముకు స్వెటర్ కట్టివ్వడం లాంటివి వాళ్ల నోటి నుంచే వస్తాయి.

చిట్టీలు (మిగిలిన సమయం)
డబ్బా తెరిచి ఒక్కొక్కటీ గట్టిగా చదివి జవాబు చెప్పాలి. ఏ ప్రశ్ననూ నవ్వులాటగా తీసేయొద్దు. వెళ్లేముందు స్టాఫ్ రూమ్‌లో ప్యాడ్లుండే అల్మరా చూపించాలి: "తాళం ఉండదు. ఎవరినీ అడగక్కర్లేదు, తీసుకెళ్లండి."