మీ థీమ్ బస్టాప్‌లో కనిపిస్తుందా?

అందరూ ల్యాప్‌టాప్‌లు కాసేపు మూసేయండి. పది నిమిషాలే మాట్లాడతాను.

పోయిన వారం మీరు పంపిన తొమ్మిది యాప్ థీమ్‌లూ చూశాను. రంగుల ఎంపిక నాకు నిజంగా నచ్చింది, ముఖ్యంగా ఆ లేత వంకాయ రంగు థీమ్. కానీ ఆరింటిలో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద అక్షరాలే ఉన్నాయి. ఏసీ గదిలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుకుని చూస్తే అవి నీట్‌గానే ఉంటాయి. మరి వాడేవాళ్లు ఎక్కడ ఉంటారు?

మొన్న మధ్యాహ్నం మెహిదీపట్నం బస్టాప్‌లో నిలబడ్డాను. పక్కనే ఒక పెద్దాయన ఏదో బిల్లు కట్టడానికి ఫోన్ తీశారు. చేత్తో స్క్రీన్‌కి నీడ పట్టి, కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, చివరికి ఫోన్ నా చేతిలో పెట్టి "అమ్మా, ఎంత కట్టాలో కాస్త చూసి చెప్పవా" అన్నారు. చూస్తే నాకూ ఒక పట్టాన కనపడలేదు. ఆయనకు చదువు బాగానే వచ్చు, ఆ యాప్‌లో కట్టాల్సిన మొత్తాన్ని అంత లేతగా వేశారు, అంతే. డబ్బు కట్టే స్క్రీన్ తెరిచిన ఫోన్‌ని ముక్కూమొహం తెలియని మనిషికి ఇవ్వాల్సి రావడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఇంటికొచ్చాక కూడా నాకు అదే గుర్తొచ్చింది.

ఎండలో ఏం జరుగుతుందంటే, స్క్రీన్ అద్దం మీద పడ్డ వెలుతురు తెలుపు మీదా అక్షరం మీదా సమానంగా కలుస్తుంది. తెలుపు నుంచి 100 వంతుల కాంతి, అక్షరం నుంచి 20 వంతులు వస్తున్నాయనుకోండి, తేడా 5 రెట్లు. ఎండ రెండింటికీ ఇంకో 100 కలిపితే 200, 120 అవుతాయి, అంటే రెండు రెట్లు కూడా లేదు. గదిలో ఉన్న తేడాలో చాలా భాగం బయట పోతుంది కాబట్టి మొదటే ఎక్కువ పెట్టుకోవాలి.

ఎంత ఎక్కువ అంటే, దానికి లెక్క ఉంది. వెబ్ యాక్సెసిబిలిటీకి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ నియమాల్లో ఏఏ స్థాయికి మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు, బటన్ అంచులు, ఐకాన్ల లాంటివాటికీ 3:1 కావాలి. తెలుపు మీద నలుపు 21:1. మీలో చాలామంది వాడిన లేత బూడిద, #999999, తెలుపు మీద 2.85 మాత్రమే. #767676 అయితే 4.54, పాస్. #777777 మాత్రం 4.48, ఫెయిల్! కంటికి ఆ రెండూ ఒకటే, అందుకే కంటితో అంచనా వేయకుండా కాంట్రాస్ట్ చెకర్‌లో చూడమని పట్టుబడుతున్నాను. ఆ 4.5 ఊరికే పెట్టిన అంకె కాదు, దాదాపు 80 ఏళ్లవాళ్లకు మామూలుగా ఉండే చూపును దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారు. మన అమ్మమ్మలు, తాతయ్యలు అన్నమాట.

మన తెలుగు అక్షరాల విషయంలో నాకు ఇంకా పట్టుదల. ద, ధ పక్కపక్కన రాసి చూడండి, తేడా కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. ప, ఫ కూడా అంతే. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నది ఒక చిన్న మెలిక. ఒత్తులైతే ఇంకా చిన్నవి. రంగు లేతబడితే ముందు మాయమయ్యేవి ఈ సన్నటి గీతలే. అందుకే తెలుగు యాప్‌కి 4.5 దగ్గర ఆగకండి, వీలైతే 7 దాకా వెళ్లండి.

రంగు పేరు చూసి కూడా మోసపోవద్దు. పచ్చటి పచ్చ, #00FF00, ఎంత గాఢంగా అనిపించినా తెలుపు మీద 1.37 మాత్రమే, ఎందుకంటే ఆకుపచ్చ మన కంటికి చాలా వెలుగుగా తోస్తుంది. తప్పు వచ్చిందని ఎరుపు ఒక్కదానితోనే చెప్పకండి, ఎరుపూ పచ్చా తేడా తెలియనివాళ్లు ఉంటారు, పక్కన మాట కూడా రాయండి.

డార్క్ థీమ్ చేసినవాళ్లూ వినండి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టగానే పని అయిపోదు, దాని మీద ముదురు బూడిద అక్షరాలు వేస్తే మళ్లీ అదే కథ. అచ్చమైన నలుపు మీద అచ్చమైన తెలుపు కొందరి కళ్లకు గుచ్చుకుంటుంది, బ్యాక్‌గ్రౌండ్‌కి #121212 లాంటిది వాడితే హాయిగా ఉంటుంది, కాంట్రాస్టూ పెద్దగా తగ్గదు.

ఇప్పుడు టైం పన్నెండున్నర, డాబా మీద ఎండ మాడుస్తోంది. ఫోన్లో మీ థీమ్ తెరిచి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, చెప్పులు వేసుకుని పైకి రండి. మీది పక్కవాళ్లకివ్వండి, వాళ్లది మీరు చదవండి. చదవలేకపోయిన ప్రతి మాటా కాగితం మీద రాయండి, కిందికొచ్చాక ఆ రంగులే ముందు మారుద్దాం.