ఏ కంపెనీకి ఏ వాల్యుయేషన్ పద్ధతి? యూనిట్ 4 ఒక్క పేజీలో

సార్ క్లాసులో రాబోయే క్యాష్ ఫ్లోని ఈరోజు విలువకి తెచ్చే డీసీఎఫ్‌తో మొదలుపెట్టి, అదే రంగం కంపెనీల ధరలతో పోల్చే మల్టిపుల్స్ చెప్పి, చివరికి ఆస్తుల విలువకి వచ్చారు. పాఠానికి ఆ వరస బాగానే ఉంటుంది గానీ, కేసు చేతికొచ్చాక కూడా అలాగే వెళితే మూతపడిన స్పిన్నింగ్ మిల్లుకి పదేళ్ల క్యాష్ ఫ్లో లెక్కేస్తూ కూర్చుంటాం. అందుకే వరస తిరగేశాను. పైనుంచి చదువుతూ రండి, పద్ధతి తేలగానే నేరుగా చివరి చెక్‌కి వెళ్లిపోండి.

1. లెక్క ఎందుకు అడుగుతున్నారు?
పన్ను కోసమో, ఫెమా కింద విదేశీ పెట్టుబడి కోసమో అయితే ముందు రూల్ చూడాలి, మన ఇష్టం తర్వాత. కంపెనీల చట్టం 2013 ప్రకారం వాల్యుయేషన్ కావాల్సిన చోట రిజిస్టర్డ్ వాల్యుయరే సంతకం పెట్టాలి. కొనడానికో, అమ్మడానికో, ఇన్వెస్ట్ చేయడానికో అయితే → 2.

2. కంపెనీ నడుస్తుందా?
నడవదు → లిక్విడేషన్ విలువ. యంత్రాలు, స్థలం, సరుకు తొందరలో అమ్మితే ఎంతొస్తుందో అంతే, పుస్తకాల్లో ఉన్న అంకె కాదు. దివాలా చట్టం ఐబీసీ కేసుల్లో దీనితోపాటు ఫెయిర్ వాల్యూ కూడా కట్టిస్తారు. నడుస్తుంది → 3.

3. బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీయా?
అవును → ఎఫ్‌సీఎఫ్‌ఎఫ్, అంటే అప్పిచ్చినవాళ్లకీ వాటాదారులకీ కలిపి మిగిలే నగదు, దాని జోలికి వెళ్లొద్దు. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మామూలు కంపెనీకి అప్పు అంటే పెట్టుబడి తెచ్చుకునే దారి, బ్యాంకుకి మాత్రం డిపాజిట్ అంటే ముడిసరుకు. దాన్ని అప్పు కింద తీసేస్తే వ్యాపారాన్నే తీసేసినట్టు. అందుకే ఈక్విటీ వైపు నుంచే వెళ్లండి: డివిడెండ్ మోడల్ లేదా రెసిడ్యువల్ ఇన్‌కమ్, పోల్చడానికి షేరు ధర పుస్తక విలువకి ఎన్ని రెట్లో చెప్పే పీ/బీ, పక్కనే ఈక్విటీ మీద రాబడి ఆర్‌ఓఈ. ఆర్‌ఓఈ చూడకుండా పీ/బీ చెబితే ఆ అంకెకి అర్థం లేదు. కాదు → 4.

4. ఆస్తులే వ్యాపారమా?
హోల్డింగ్ కంపెనీ, భూములు పెట్టుకుని కూర్చున్న కంపెనీ → ఎన్‌ఏవీ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది, మార్కెట్ ధరలతో. హోల్డింగ్ కంపెనీకి పైన డిస్కౌంట్ కూడా తీయాలి. కాదు → 5.

5. రాబోయే ఐదేళ్ల క్యాష్ ఫ్లోని కారణాలతో సహా రాయగలమా?
ఇంకా నష్టాల్లో ఉన్న స్టార్టప్ → వీసీ పద్ధతి: ఇన్వెస్టర్ బయటికొచ్చే ఏడాదికి కంపెనీ విలువ అంచనా వేసి, ఎక్కువ రేటుతో వెనక్కి తేవడం. స్టీల్, సిమెంట్ లాంటి, మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ చక్రంలా తిరిగే వ్యాపారం → ఒక్క మంచి ఏడాది లాభం పట్టుకోకుండా మొత్తం చక్రం సగటు తీసుకుని 6కి రండి. రాయగలం → 6.

6. అప్పు ఎలా ఉంటుంది?
అప్పు, ఈక్విటీ నిష్పత్తి దాదాపు నిలకడగా ఉంటే ఎఫ్‌సీఎఫ్‌ఎఫ్‌ని డబ్ల్యూఏసీసీతో, అంటే అప్పు, ఈక్విటీ ఖర్చుల సగటు రేటుతో, ఈరోజు విలువకి తేవాలి. అప్పు ఏటేటా షెడ్యూల్ ప్రకారం తీరిపోతుంటే (అప్పుతో కొన్న కంపెనీల్లో ఇదే జరుగుతుంది) ఏపీవీ, అంటే అప్పు లేనట్టు విలువ కట్టి, అప్పు వల్ల వచ్చే పన్ను ఆదా విడిగా కలపడం, ఎందుకంటే డబ్ల్యూఏసీసీ ప్రతి ఏడూ మారిపోతుంది. టోల్ రోడ్డు, గని లాంటి గడువున్న వ్యాపారానికి టర్మినల్ విలువ వేయకండి, గడువు వరకే లెక్క.

చివరి చెక్
డీసీఎఫ్‌తో వచ్చిన విలువని అదే రంగంలోని కంపెనీల ఈవీ/ఎబిట్‌డాతో, అంటే అప్పుతో సహా కంపెనీ విలువ వడ్డీ, పన్ను, తరుగుదలకి ముందు లాభానికి ఎన్ని రెట్లో దానితో, పోల్చండి. మల్టిపుల్స్ చెక్ కోసమే, అవి ఈరోజు మార్కెట్ మూడ్‌ని కూడా మోసుకొస్తాయి.

ఒక కేసు నడిపి చూద్దాం
గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ, కొనడానికి అడిగారు. నడుస్తోంది, బ్యాంకు కాదు. స్థలం విలువైనదే అయినా సంపాదించేది అద్దె మీద, కాబట్టి 4 దాటేశాం. ఏటా నిండుతుంది, అద్దె తెలుసు, అప్పు నిష్పత్తి నిలకడ. వచ్చే ఏడాది ఎఫ్‌సీఎఫ్‌ఎఫ్ 6 కోట్లు, డబ్ల్యూఏసీసీ 12 శాతం, ఎదుగుదల g 5 శాతం.

```
EV = FCFF / (WACC - g) = 6 / (0.12 - 0.05) = 85.7
Equity = 85.7 - 30 + 2 = 57.7
```

అప్పు 30 కోట్లు తీసేసి, చేతిలో ఉన్న 2 కోట్ల నగదు కలిపితే ఈక్విటీ 57.7 కోట్లు. ఇప్పుడు ఎదుగుదలని 5 నుంచి 7 శాతం చేయండి, ఈవీ ఒక్కసారిగా 120 కోట్లకి లేస్తుంది, గోదాంలో ఒక్క బస్తా కూడా పెరగకుండానే! కాబట్టి g పక్కన కారణం రాయకుండా పేపర్ ఇవ్వొద్దు. ఈ కంపెనీ ఎబిట్‌డా 11 కోట్లు అనుకుంటే మల్టిపుల్ 7.8 రెట్లు. ఇలాంటివే 8 దగ్గర అమ్ముడవుతుంటే సరే, 5 దగ్గర అమ్ముడవుతుంటే పద్ధతి మార్చకండి, ముందు g, తర్వాత మరమ్మతుల ఖర్చు మళ్లీ చూడండి.