ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం మా మిల్లు యజమాని గారికి

ఇరగవరం,
12 మే 2025.

రైస్ మిల్లు యజమాని గారికి,
తణుకు.

విషయం: ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పించమని మనవి.

అయ్యా, నమస్కారం.

2018 జూన్ 4 నుంచి 2024 మార్చి 31 వరకు నేను మన మిల్లులో పనిచేశాను. ధాన్యం దిగే చోట తేమ చూడటం, శాంపిల్ ఆడించి నూక శాతం లెక్కకట్టడం, ఆ అంకెలు రిజిస్టర్లో ఎక్కించడం నా పని. నాన్నకి పక్షవాతం రావడంతో నెల ముందే మీకు చెప్పి మానేశాను. జీతం లెక్క మీరు ఆ రోజే పూర్తిగా ఇచ్చేశారు. ఆ టెన్షన్‌లో సర్టిఫికెట్ అడగాలని తోచలేదు.

ఇప్పుడు నాన్న లేచి తిరుగుతున్నారు. కాకినాడలో బియ్యం ఎగుమతి చేసే ఒక కంపెనీ నన్ను క్వాలిటీ పనికి తీసుకుంటానంది. మే 26లోగా సర్టిఫికెట్ చూపించాలి. మిల్లు లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, చేసిన పని రాసి, మీ సంతకం, సీలు ఉంటే చాలు. జీతం రాయక్కర్లేదు.

హోదా గురించి ఒక మాట. మిల్లులో అందరూ నన్ను 'తేమ చూసే అబ్బాయి' అనేవారు. ఇంగ్లీషులో 'క్వాలిటీ మేనేజర్' అని పెట్టించుకో అని ఒకరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. మేనేజర్ పని నేను చేయలేదు. 'క్వాలిటీ అసిస్టెంట్' అంటే నిజానికి సరిపోతుంది.

మిచౌంగ్ తుపానప్పుడు, 2023 డిసెంబరులో, తడిసిన సార్వా ధాన్యం ట్రాక్టర్లు గేటు దాకా నిలబడిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. మీటరు ఇరవై పైన చూపిస్తుంటే రైతు నా మొహంలోకే చూసేవాడు. ఒక్కో లోడుకి మూడు బస్తాల్లోంచి గింజలు తీసి, మూడుసార్లు చూసి, అంకె రైతుకి చూపించాకే రాయమన్నది మీరే. ఆ పద్ధతే నా అనుభవం. వీలైతే పని వివరాల్లో ఆ ఒక్క వాక్యం చేర్చండి.

సర్టిఫికెట్ టైపు చేసేది ఆడిటర్ గారి ఆఫీసులో కాబట్టి వాళ్ళ కోసం ఈ మనవినే ఇంగ్లీషులో రాసి జతపరిచాను. అందులో ఏముందో మీరూ చదువుకోవాలని అవే మాటలు తెలుగు అక్షరాల్లో కింద రాస్తున్నాను.

గురువారం ఉదయం మిల్లుకొస్తాను. అమ్మగారికి నా నమస్కారాలు.

ఇట్లు
విధేయుడు,
సత్యనారాయణ

ఇంగ్లీషు ప్రతి

సబ్జెక్ట్: రిక్వెస్ట్ ఫర్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్

సర్,

ఐ వాజ్ ఎంప్లాయిడ్ యాజ్ క్వాలిటీ అసిస్టెంట్ ఇన్ యువర్ రైస్ మిల్ ఫ్రమ్ 4 జూన్ 2018 టు 31 మార్చ్ 2024. మై డ్యూటీస్ వర్ మాయిశ్చర్ టెస్టింగ్ ఆఫ్ ప్యాడీ, శాంపిల్ మిల్లింగ్ అండ్ మెయింటెనెన్స్ ఆఫ్ ది క్వాలిటీ రిజిస్టర్. ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ ఇష్యూ యాన్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఆన్ యువర్ లెటర్‌హెడ్, స్టేటింగ్ మై డెసిగ్నేషన్, డ్యూటీస్ అండ్ పీరియడ్ ఆఫ్ సర్వీస్, ఆన్ ఆర్ బిఫోర్ 26 మే 2025.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,
సత్యనారాయణ