పండక్కి వచ్చిన మీ అందరికీ స్వాగతం

అందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. పండగ గురువారమే వెళ్ళినా, డబ్లిన్‌లో మనం అందరం కలిసేది సెలవు దొరికిన ఈ శనివారమే. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ముందు వరుసలో కూర్చోండి. అక్కడ హీటర్లు పెట్టించాం.

ఇవాళ పచ్చడి రెండు రకాలు చేశాం. తెలంగాణ పద్ధతిలో గ్లాసులో పోసుకుని తాగేది కుండలో ఉంది. గట్టిగా కలిపి చేతిలో పెట్టేది పక్క గిన్నెలో ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెరిగిన నాలాంటి వాళ్ళకి ఇందులో వింతేం లేదు. ఎదురింటివాళ్ళు గ్లాసు ఇచ్చేవాళ్ళు, పైవాళ్ళు చిన్న గిన్నె పంపేవాళ్ళు. భక్ష్యాలన్నా బొబ్బట్లన్నా నెయ్యి మాత్రం ధారాళంగా ఉండేది. ఇక్కడా అలాగే ఉండాలని నా కోరిక. వేపపువ్వు కూకట్‌పల్లిలో మా అత్తయ్య మేడ మీద నీడన ఆరబెట్టి పంపింది. కొంచెం చేదు తగిలితే పక్కన పెట్టేయకండి.

పిల్లలూ, మంగళవారం సెయింట్ పాట్రిక్స్ డే పెరేడ్‌కి ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని వెళ్ళారు కదా, ఇవాళ మీ ఐరిష్ ఫ్రెండ్స్ మన పండక్కి వచ్చారు. పచ్చడిలో ఏమేం వేశారో వాళ్ళకి మీరే చెప్పాలి: కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడికాయ, వేపపువ్వు, ఉప్పు, కారం. స్టేజీ మీద పద్యం మధ్యలో ఆగిపోయినా టెన్షన్ పడొద్దు. కింద నుంచి అందించడానికి మేమంతా ఉన్నాం. పెద్దలకి ఒక్క మాట: పిల్లలు తెలుగు తప్పుగా మాట్లాడితే దయచేసి నవ్వకండి. ఒకసారి నవ్వితే మళ్ళీ నోరు విప్పరు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళతో. ఎవరూ తెలియదని వెనక వరుసలో ఫోన్ చూసుకుంటూ ఉండిపోకండి. ఈ ఊళ్ళో రూమ్ దొరకడం ఎంత కష్టమో, పీపీఎస్ నంబర్, ఐఆర్‌పీ కార్డు పనులు తెమిలేదాకా మనసు ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. భర్త ఆఫీసుకి వెళ్ళాక రోజంతా ఇంట్లో ఒంటరిగా గడిపే చెల్లెళ్ళూ ఉన్నారు. గుమ్మం దగ్గర మీకు పసుపు రిబ్బన్ ఇచ్చాం. పాతవాళ్ళకి నా విన్నపం, ప్రతి కుటుంబం ఒక పసుపు రిబ్బన్‌ని తమ బల్ల దగ్గరికి పిలిచి కలిసి భోంచేయండి. వెళ్ళేముందు ఫోన్ నంబర్ తీసుకోండి, వచ్చే వారం మీరే ముందు ఫోన్ చేయండి.

పచ్చడి తిన్నాక పంచాంగ శ్రవణం. మీ రాశికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు పంతులుగారు చెబుతారు. ఆ తర్వాత పిల్లల కార్యక్రమాలు, ఒంటిగంటకి భోజనాలు. వంటింట్లో పొద్దున్నుంచీ పులిహోర కలుపుతున్నవాళ్ళకి గట్టిగా చప్పట్లు కొట్టండి, లోపలికి వినపడాలి.

పిల్లలూ, మీరే ముందు. గ్లాసు కావాలన్నవాళ్ళు ఎడమ పక్కకి, గిన్నె కావాలన్నవాళ్ళు కుడి పక్కకి రండి.