మంగళవారం నాటి విడుదల సమావేశం: మీ నోట్స్ కోసం విన్నపం

మాధవి గారికి,

నమస్కారం. మా నాన్నగారి కంటిశుక్లం శస్త్రచికిత్సను డాక్టరు గారు హఠాత్తుగా నిన్నటికి మార్చడంతో, మెహదీపట్నంలోని ఆసుపత్రిలో ఆయన వెంట ఉండవలసి వచ్చి, మేనేజరు గారికి ఉదయమే తెలియజేసి, బిల్లింగ్ మాడ్యూల్ విడుదల సమావేశానికి రాలేకపోయాను.

అజెండానూ స్లైడ్లనూ రాత్రే పూర్తిగా చదివాను. అయితే ఏ అంశంపై ఎవరు అభ్యంతరం చెప్పారో, చివరకు దేనికి అందరూ ఒప్పుకున్నారో స్లైడ్లలో కనిపించదు. అటువంటి వివరాలను మీరు ఎంతో శ్రద్ధగా రాసుకుంటారు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. ముఖ్యంగా పాత కస్టమర్ల డేటాను కొత్త డేటాబేస్‌కు తరలించే తేదీ, టెస్టింగ్‌లో నాకు అప్పగించిన పనులు తెలిస్తే, ఎవరికీ ఆలస్యం కలగకుండా రేపు ఉదయమే పని మొదలుపెట్టగలను.

మళ్లీ టైపు చేసే శ్రమ తీసుకోవద్దు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు పంపినా చాలు. ఈ సాయంత్రంలోగా వీలవుతుందా? చదివాక సందేహాలు మిగిలితే, రేపు గచ్చిబౌలి ఆఫీసులో మీకు అనుకూలమైన వేళ పది నిమిషాలు కలుస్తాను.

నాన్నగారు క్షేమంగా ఇంటికి చేరారు.

కృతజ్ఞతలతో,
శ్రీనివాస్