వర్క్‌షీట్ 4: రన్ చెయ్యకుండానే అవుట్‌పుట్ చెప్పండి

తొమ్మిదో తరగతి, ఆదివారం పైథాన్ బ్యాచ్. టైం 40 నిమిషాలు. పెన్సిల్, నోట్సు చాలు, సిస్టమ్స్ ఆన్ చెయ్యొద్దు.

పిల్లలూ, మనకున్నవి ఆరు సిస్టమ్సు, మీరు ఇరవై రెండు మంది, అందుకే పేపర్ మీద చేయిస్తున్నా అనుకోకండి, ఇరవై రెండు సిస్టమ్స్ ఉన్నా ఈ వారం ఇలాగే చేయించేదాన్ని. రన్ బటన్ నొక్కితే జవాబు వచ్చేస్తుంది, కానీ అది ఎందుకొచ్చిందో మీకు తెలియదు. ముందు మీరు ఒకటి అనుకుని రాసుకుని, తర్వాత కంప్యూటర్ ఇంకోటి చూపించిందనుకోండి, అప్పుడు "అదేంటి?" అని ఆగుతారు చూడండి, నాకు కావాల్సింది ఆ ఆగడమే. కాబట్టి తప్పు రాసినా చెరపొద్దు, పక్కన కరెక్ట్‌ది రాయండి, నేను రెండూ చూస్తా.

లూప్ వచ్చిన ప్రతిచోటా నోట్సులో టేబుల్ గియ్యండి. ఒక్కో వేరియబుల్‌కి ఒక్కో గడి, ఒక్కో రౌండ్‌కి ఒక్కో లైను. మనసులో లెక్క కట్టొద్దు, మూడో రౌండ్‌కి ఎవరికైనా తప్పిపోతుంది, నాకూ తప్పుతుంది. మార్కులు కూడా టేబుల్‌కే ఎక్కువ.

ప్రశ్న 1. కోట్స్ ఎక్కడున్నాయో చూసి రాయండి.

```
print("7" + "2")
print(7 + 2)
print("7" * 3)
```

ప్రశ్న 2. మూడు రకాల భాగహారం. మొదటిదానికి తొందరపడొద్దు.

```
print(10 / 2)
print(7 // 2)
print(7 % 2)
```

ప్రశ్న 3. ఇందులో లూప్ లేదు, పై నుంచి కిందికి ఒక్కో లైనే చదవండి.

```
a = 5
b = a
a = 8
print(a, b)
```

ప్రశ్న 4. టేబుల్ కావాల్సిందే. మొత్తం ఎన్ని లైన్లు ప్రింటవుతాయో ముందు చెప్పి, తర్వాత అవేంటో రాయండి.

```
total = 0
for i in range(1, 5):
    total = total + i
    print(i, total)
```

రాసేశాక, చివరి లైన్ ముందున్న ఖాళీ తీసేసి `print`ని `for`కి సూటిగా కిందకి జరిపితే ఏమొస్తుందో కూడా రాయండి.

ప్రశ్న 5. చివర్లో ఏ నంబర్ వస్తుంది?

```
n = 10
while n > 0:
    n = n - 3
    print(n)
```

ప్రశ్న 6. ఎన్ని లైన్లలో వస్తుందో చూసుకోండి.

```
for i in range(3):
    print(i, end=" ")
print("అయిపోయింది")
```

ప్రశ్న 7. ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. అమ్మలో ఎన్ని అక్షరాలు?

```
print(len("అమ్మ"))
```

ఇక్కడి వరకు రాశాకే పేపర్ తిప్పండి.

వెనక పేజీ: జవాబులు

1. `72`, `9`, `777`. కోట్స్‌లో పెడితే అది నంబర్ కాదు, రాత. రెండు రాతల్ని కలిపితే పక్కపక్కన అతుక్కుంటాయి అంతే. రాతని 3తో గుణిస్తే మూడుసార్లు రాస్తుంది. 21 అని రాసినవాళ్ళు ఒకసారి `"7" + 2` రన్ చేసి చూడండి, `TypeError` అని వస్తుంది, ఎందుకంటే ఒకటి రాత ఇంకోటి అంకె, కలపమంటే పైథాన్ ఒప్పుకోదు.

2. `5.0`, `3`, `1`. పదిని రెండుతో భాగిస్తే ఐదేగా అని అందరూ 5 అనే రాస్తారు, కానీ ఒక్క గీత భాగహారం ఎప్పుడూ పాయింట్ ఉన్న నంబరే ఇస్తుంది, శేషం ఏమీ మిగలకపోయినా సరే. రెండు గీతలైతే భాగఫలం మాత్రమే, `%` అంటే శేషం. మీ అన్నయ్య పాత పుస్తకంలో 5 అనే ఉండొచ్చు, `print` పక్కన బ్రాకెట్లు కూడా ఉండవు, అది పైథాన్ 2, దానికి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. మనం నేర్చుకునేది 3, ఆ పుస్తకం పక్కన పెట్టెయ్యండి.

3. `8 5`. `b = a` అంటే ఇద్దరూ ఎప్పటికీ సమానం అని కాదు, ఆ లైన్ దగ్గర `a`లో ఏముందో అది `b`కి ఇచ్చేశాం. తర్వాత `a` మారితే `b`కి సంబంధం లేదు. లెక్కల క్లాసులో ఈ గుర్తుకి సమానం అనే అర్థం కదా, అందుకే ఇక్కడ చాలామంది `8 8` రాస్తారు, నాకు అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం దాన్ని "కుడివైపుది తీసుకెళ్ళి ఎడమవైపు పెట్టు" అని చదవండి.

4. నాలుగు లైన్లు:

```
1 1
2 3
3 6
4 10
```

పోయిన వారం ఆరు బెంచీల్లో నాలుగు బెంచీలు `5 15` కూడా రాశారు. `range(1, 5)` అంటే 1 దగ్గర మొదలై 5 రాకముందే ఆగిపోతుంది. ఆ 5 గేటు లాంటిది, గేటు దాకా వెళ్తాం, దాటం. `range(3)` అన్నప్పుడూ అంతే, 0, 1, 2, మూడు నంబర్లు వస్తాయి కానీ 3 రాదు.

ఇంక `print`ని ఎడమకి జరిపితే ఒక్క లైనే వస్తుంది, `4 10`. ముందు ఖాళీ ఉంటే ఆ లైన్ లూప్ లోపలిది, ప్రతి రౌండ్‌లో నడుస్తుంది. ఖాళీ తీసేస్తే లూప్ మొత్తం అయ్యాక ఒకేసారి నడుస్తుంది. మనం రాసుకునేటప్పుడు ఖాళీ అంటే అందం కోసమే, పైథాన్‌లో అర్థమే మారిపోతుంది, అందుకే మీ నోట్సులో కూడా ఆ ఖాళీ స్పష్టంగా వదలమని ఇన్నిసార్లు చెప్తుంటా.

5. `7`, `4`, `1`, `-2`. మైనస్ ఎలా వచ్చింది, సున్నా కంటే ఎక్కువ ఉంటేనే కదా నడవాలి అని అడుగుతారు. టేబుల్ చూడండి: `n` 1 ఉన్నప్పుడు కండిషన్ చెక్ అయింది, 1 అంటే సున్నా కంటే ఎక్కువే, లోపలికి వచ్చింది. లోపల 3 తగ్గింది, -2 అయింది, వెంటనే ప్రింటైంది. ఆ తర్వాత మళ్ళీ పైకి వెళ్తేనే చెక్ చేస్తుంది, మధ్యలో చెయ్యదు. `print`ని తగ్గించే లైన్‌కి ముందు పెడితే `10`, `7`, `4`, `1` వస్తుంది, అది కూడా టేబుల్ వేసి చూసుకోండి.

6. `0 1 2 అయిపోయింది`, అంతా ఒకే లైన్. మామూలుగా ప్రతి `print` తర్వాత కింది లైన్‌కి దిగుతుంది, `end=" "` అంటే దిగొద్దు, ఒక ఖాళీ వదిలి అక్కడే ఉండు అని.

7. `4`. మనకి అ, మ్మ, రెండే. కంప్యూటర్ దాచుకునేది అ, మ, ్, మ అని నాలుగు ముక్కలుగా. పొల్లు గుర్తు కూడా దానికి విడిగా ఒకటి, మ ఒత్తుకి వేరే గుర్తు లేదు, మ, పొల్లు, మళ్ళీ మ పక్కపక్కన వస్తే స్క్రీన్ మీద మ్మ అని గీస్తుంది. ఇది తెలుసుకున్నాక మీ పేరుకి ఎంతొస్తుందో ముందు చేత్తో లెక్కపెట్టి రాయండి, ఒత్తులు, గుణింతాలు అన్నీ విడదీసి.

చూసుకున్నాక ఆరు గ్రూపులుగా సిస్టమ్స్ దగ్గరికి రండి, ముందు 5, 7 టైప్ చేద్దాం. వచ్చే ఆదివారం ఒక్కొక్కళ్ళూ ఐదు లైన్లు దాటకుండా సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకుని తేవాలి, పక్కనవాళ్ళు రన్ చెయ్యకుండా దాని అవుట్‌పుట్ చెప్పాలి.